పేరాల్లో దాగిన పదాలు

మా బంధువు ఒకరు భూమి కాగితాల్లో వచ్చే మాటలకు అర్థాలు చెబుతూ మూడు పేజీల వ్యాసంలా రాసి ఇస్తే, దాన్ని అకారాది క్రమంలో రెండు గడుల పట్టికగా మార్చే పని నిన్న నా మీద పడింది. చాలా వాక్యాల్లో "అంటే" ఉంది కదా అని, ఒక్కో వాక్యాన్నీ ఒక్కో పేరాగా విడదీసి, వర్డ్‌లో `అంటే` స్థానంలో ట్యాబ్ గుర్తు `^t` పెట్టి పట్టికగా మార్చాను. అయితే "పోరంబోకు అంటే సాగుకు ఇవ్వని, అంటే ఉమ్మడి అవసరాలకు ఉంచిన ప్రభుత్వ భూమి" వంటి చోట అర్థం రెండుగా విరిగి, మిగిలిన ముక్క మూడో గడిలో పడింది. అలా మూడో గడి నిండిన వరుసలను చూసి సరిచేయడం సులువే.

అసలు చిక్కు సర్వనామాలతో వచ్చింది. పోరంబోకు తరువాత ఆయన "శిఖం కూడా ఇలాంటిదే, కానీ చెరువు గర్భంలోది" అని రాశారు. క్రమం మారాక శిఖం పైన విస్తీర్ణం గాని మరొకటి గాని వచ్చి కూర్చుంటుంది, "ఇలాంటిదే" అన్న మాటకు ఆధారం ఉండదు. అందుకే క్రమంలో పెట్టకముందే ప్రతి అర్థాన్నీ తిరగరాసి, శిఖానికి "చెరువు గర్భంలోని ప్రభుత్వ భూమి" అని పెట్టాను. "అడంగల్‌నే తెలంగాణలో పహాణీ అంటారు" అన్న వాక్యానికి రెండు వరుసలు ఇచ్చి, పహాణీ ఎదుట "అడంగల్ చూడండి" అని రాశాను.

చివరికి యూనికోడ్ సంఖ్యల వరుసలో అమర్చితే, బడిలో హ తరువాత నేర్చుకున్న ళ ఇక్కడ వ కంటే ముందే వచ్చింది. క్షేత్రం కూడా క వరుస చివర చేరింది, దాన్ని అక్కడే ఉంచాను.