బడ్జెట్ అంకెల్ని చెవికి అందేలా చదవడం: నా అనుభవం

2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ మీద తెలుగులో చిన్న ఆడియో బులెటిన్ చదివే పని నాకు వచ్చింది. ప్రసంగం పూర్తయ్యే సరికి అంకెలన్నీ చేతికొచ్చాయి. వాటిని వాక్యాల్లో పెట్టడానికి మాత్రం సాయంత్రం దాకా పట్టింది. పేపరు చదివేవాళ్లు అర్థం కాని అంకె దగ్గర ఆగి మళ్లీ చూసుకుంటారు. వినేవాళ్లకు ఆ అవకాశం లేదు. వంట చేస్తూనో, బండి మీద వెళ్తూనో వింటారు, అంకె ఒక్కసారే చెవిన పడుతుంది.

మొదటి అంకె మొత్తం ఖర్చు, కాగితం మీద రూ.50.65 లక్షల కోట్లు. దాన్ని 'యాభై పాయింట్ ఆరు అయిదు లక్షల కోట్లు' అని చదివితే తప్పేమీ లేదు. కానీ పాయింట్ తర్వాత వచ్చే ఆరు, అయిదు ఎంత పెద్దవో చెవికి తెలియదు. అందుకే స్క్రిప్టులో అక్షరాల్లోనే రాసుకున్నాను: 'యాభై లక్షల అరవై అయిదు వేల కోట్ల రూపాయలు'. లక్షల కోట్లలో పాయింట్ తర్వాతి రెండు అంకెలూ వేల కోట్లే. ఒక్క అంకే ఉంటే పక్కన సున్నా చేర్చుకోవాలి. 6.8 లక్షల కోట్లంటే 6 లక్షల 80 వేల కోట్లు. హడావుడిలో దాన్ని 8 వేలని చదివేస్తే 72 వేల కోట్లు ఎగిరిపోతాయి. రూపాయి గుర్తును కూడా ముందు నుంచి తీసేసి, మనం మాట్లాడేటప్పుడు వచ్చే చోట, అంటే అంకె చివర, రాసుకున్నాను.

ఆదాయపు పన్ను రాయితీ వల్ల ప్రభుత్వం వదులుకునే రాబడి సుమారు లక్ష కోట్లని ప్రసంగంలో ఉంది. 'లక్ష కోట్లు', 'లక్షల కోట్లు' మధ్య తేడా ఒక్క అక్షరమే, మైకులో అది వినబడకుండా పోతుంది. కాబట్టి 'ఒక లక్ష కోట్లు' అని, 'ఒక' మీద కాస్త ఒత్తి చదివాను.

ఇలా చదివితే అంకె వినబడుతుంది గానీ పరిమాణం తెలియదు. అందుకు తలసరి లెక్క వేశాను. జనాభాను 140 కోట్లుగా తీసుకుంటే పైనా కిందా కోట్లు కొట్టేయవచ్చు. 50 లక్షల 65 వేలను 140తో భాగిస్తే 36 వేల పైచిలుకు వస్తుంది. 'ఏడాదికి మనిషికి సుమారు 36 వేల రూపాయలు' అన్నాక వినేవాళ్లు ఆ మొత్తాన్ని తమ ఇంటి ఖర్చు పక్కన పెట్టి చూసుకోగలరు.

ఎక్కువ సేపు పట్టింది ద్రవ్యలోటు వాక్యానికి. ప్రభుత్వానికి అప్పులు కాకుండా వచ్చే రాబడికీ, దాని మొత్తం ఖర్చుకూ మధ్య తేడా అది. 2024-25 సవరించిన అంచనా జీడీపీలో, అంటే ఏడాదిలో దేశంలో జరిగే మొత్తం ఉత్పత్తి విలువలో, 4.8 శాతం, 2025-26 లక్ష్యం 4.4 శాతం. 'లోటు 0.4 శాతం తగ్గుతుంది' అని ఒక్క ముక్కలో చెప్పేయాలనిపిస్తుంది. ఆ వాక్యం విన్నవాళ్లు రెండు రకాలుగా పొరబడతారు. లోటు సొమ్ములోనే 0.4 శాతం తగ్గిందని కొందరు అనుకుంటారు, అప్పు బాగా తగ్గుతోందని ఇంకొందరు అనుకుంటారు. సొమ్ము చూస్తే 2024-25లో దాదాపు 15 లక్షల 70 వేల కోట్లు, 2025-26లో 15 లక్షల 69 వేల కోట్లు. దాదాపు ఎక్కడిదక్కడే ఉంది. పెరిగింది జీడీపీ, సుమారు 324 లక్షల కోట్ల నుంచి 357 లక్షల కోట్లకు. భాగించే సంఖ్య పెద్దదైంది కాబట్టి శాతం చిన్నదైంది.

చాలాసార్లు తిరగరాసిన తర్వాత ఇలా నిలబెట్టాను: 'వచ్చే ఏడాది కూడా కేంద్రం ఇంచుమించు ఈ ఏడాది అంతే అప్పు చేయబోతోంది, పదిహేను లక్షల డెబ్బై వేల కోట్ల రూపాయలకు కొంచెం తక్కువగా. అయితే దేశ ఆదాయం పెరుగుతుందన్న అంచనా వల్ల, అందులో లోటు వాటా నాలుగు పాయింట్ ఎనిమిది శాతం నుంచి నాలుగు పాయింట్ నాలుగుకు తగ్గుతుంది.' ముందు విషయం, వెనక అంకె. తేడా ఎంతో చెప్పకుండా, ఎక్కడి నుంచి ఎక్కడికో చెప్పాను. ఒక్కో వాక్యంలో రెండు అంకెలకు మించనివ్వలేదు. ఇంట్లో మా పెద్దమ్మకు ఒకసారి చదివి వినిపించి, 'అప్పు తగ్గిందా పెద్దమ్మా?' అని అడిగాను. 'లేదు కదరా, అంతే ఉంది, రాబడి పెరుగుద్దంటున్నారు' అంది. జీడీపీని రాబడి అనడం పూర్తిగా సరికాకపోయినా, అసలు సంగతి ఆమెకు చేరింది.

శాతాలతో ఇంకో చిక్కు, ప్రతి రూపాయి ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతుందో చూపే బడ్జెట్ పత్రాల్లోని 'రూపాయి రాక, పోక' బొమ్మ దగ్గర వచ్చింది. అందులో వడ్డీలకు 20 పైసలు అని ఉంది. బడ్జెట్‌లో వడ్డీ చెల్లింపులు 12 లక్షల 76 వేల కోట్లు. దీన్ని 50 లక్షల 65 వేల కోట్లతో పోలిస్తే పాతిక శాతం, అంటే 25 పైసలు రావాలి. రెండూ నిజమే. ఆ బొమ్మలో రాష్ట్రాలకు పన్నుల్లో వెళ్లే వాటాను కూడా కలుపుతారు. దాంతో మొత్తం 65 లక్షల కోట్ల దగ్గరికి చేరి, వడ్డీ వాటా 20 పైసలకు దిగుతుంది. నేను ఒక్కటే ఎంచుకుని 'కేంద్రం పెట్టే ప్రతి వంద రూపాయల ఖర్చులో పాతిక రూపాయలు పాత అప్పుల వడ్డీకే' అని చదివాను. శాతం చెప్పినప్పుడు అది దేనిలో శాతమో అదే వాక్యంలో చెప్పి తీరాలి.

ఆ వారంలోనే, 7వ తేదీన, రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.50 నుంచి 6.25 శాతానికి తగ్గించింది. శాతాన్ని తేలిక చేద్దామని 'నూటికి ఆరుంబావు' అని చదివితే మన ఊళ్లలో అర్థం మారిపోతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే మనకు నెలకు రెండు, ఏడాదికి 24. అందుకని 'ఏడాదికి ఆరుంబావు శాతం' అని రాసుకున్నాను. పావు శాతం తగ్గింపును '25 బేసిస్ పాయింట్లు' అనకుండా 'ఆరున్నర నుంచి ఆరుంబావుకు' అన్నాను.

మా బులెటిన్ అమెరికాలోని తెలుగువాళ్లూ వింటారు. అమరావతికి ప్రపంచ బ్యాంకు 2024 డిసెంబరులో ఆమోదించిన రుణం వాళ్లకు 800 మిలియన్ డాలర్లుగా తెలుసు. ఇక్కడ రెండు మార్పులు చేయాలి, రెండూ ఒకేసారి చేస్తే సున్నాలు తారుమారవుతాయి. ముందు డాలర్లలోనే ఉండి మిలియన్లను కోట్లు చేస్తాను. 10 మిలియన్లు కోటి కాబట్టి 80 కోట్ల డాలర్లు. తర్వాత రూపాయల్లోకి వస్తాను. అప్పటి మారకం 85 దగ్గర ఉంది, అంటే సుమారు 6,800 కోట్లు. మారకం రోజూ కదులుతుంది కాబట్టి చివరి రూపాయి దాకా చెప్పడంలో అర్థం లేదు, 'సుమారు' తప్పనిసరి. స్క్రిప్టులో ఇలా ఉంది: 'ఎనిమిది వందల మిలియన్ డాలర్లు, అంటే ఎనభై కోట్ల డాలర్లు, మన రూపాయల్లో సుమారు ఆరు వేల ఎనిమిది వందల కోట్లు.' ఒకే మొత్తానికి మూడు రూపాలు కాబట్టి, రెండు అంకెల నియమాన్ని అక్కడ ఒక్కచోటే సడలించాను.