ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడుర్రి

"అన్నా, గిది పనీరే గదా? ఇంత అగ్గువకు ఎట్లిస్తున్నరు?" ఇయ్యాల నల్లగొండల ఫ్రిజ్ కాడ ఒక అక్క షాపాయన్ను అడిగింది.

ప్యాకెట్ తిప్పితే వెనక చిన్న అక్షరాల్లో: పాలపొడి, పామాయిల్, స్టార్చ్. ముందటి దిక్కు మూలకు 'అనలాగ్' అని ఉంది. అంటే పనీరు లెక్క కనిపించేదే గానీ పనీరు కాదు. అసలు పనీరుకు పాలు, వాటిని విరగ్గొట్టే నిమ్మ ఉప్పు లాంటి పులుపు చాలు.

కొవ్వు అంకె కూడా చూడాలె. రూల్ ప్రకారం పనీరులో తేమ 60 శాతం దాటొద్దు, మిగిలిన గట్టి పదార్థంలో సగమన్నా పాలకొవ్వు ఉండాలె. తేమ నిండా 60 ఉన్నా, 100 గ్రాములకు 20 గ్రాముల కొవ్వు రావాలె. లో ఫ్యాట్ అని రాస్తే లెక్క వేరు. అయితే పామాయిల్ కూడా కొవ్వే, అందుకే పదార్థాల పేర్లే ముందు చదవాలె.

ఇంట్లో చిన్న ముక్కను నీళ్లలో ఉడికించి, చల్లారినంక టింక్చర్ అయోడిన్ రెండు చుక్కలు వేస్తే, స్టార్చ్ ఉంటే నీలం తిరుగుతది. పామాయిల్‌ను మాత్రం ఇది పట్టలేదు.

ఆ అక్క పిల్లలకు పిజ్జా కూడా చేస్తదంట. పనీరు వేడికి కరగదు. ప్రాసెస్డ్ చీజ్ కరుగుతది గానీ అంత సాగదు, తీగలు కావాలంటే మోజరెల్లానే. హోటల్ మెనూలో కాటేజ్ చీజ్ అంటే మన దగ్గర ఎక్కువగా పనీరే. అసలు కాటేజ్ చీజ్ మెత్తటి పలుకుల్లా విడివిడిగా ఉంటది, కూరలో ముక్కలుగా నిలవదు.