అవ్వ సంవత్సరీకానికి ఎనిమిది నిమిషాల సినిమా: ఇప్పటిదాకా జరిగిన పని

అవ్వ పోయి పదకొండు నెలలైంది. సంవత్సరీకం రోజు భోజనాలయ్యాక కావలి ఇంట్లో, హాల్లో ఉన్న టీవీలో వేయడానికి చిన్న సినిమా చేస్తున్నాను. చేతిలో ఉన్నవి 41 ఫోటోలు, తాత రాసిన తొమ్మిది ఇన్‌లాండ్ ఉత్తరాలు. తాత బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేసేవాడు. అవ్వ మొదటి కాన్పుకు కందుకూరు పుట్టింటికి వెళ్లినప్పుడు రాసిన ఉత్తరాలవి. పోస్టు ముద్ర మీద 1969 అని ఇప్పటికీ చదవగలం.

మొదటి రెండు వారాలు స్కానింగుకే పోయాయి. అన్నింటినీ 600 డీపీఐలో చేసేసి పని అయిపోయిందనుకున్నా. అయిపోలేదు. పెండ్లి తర్వాత నెల్లూరు స్టూడియోలో దిగిన ఫోటో ఒకటుంది. తాత కుర్చీలో కూర్చొని ఉంటాడు, అవ్వ పక్కన నిలబడి ఉంటుంది, వెనక రంగుల తెర. అది పోస్టుకార్డు సైజు, వెడల్పు మూడున్నర అంగుళాలు. 600లో స్కాన్ చేస్తే వెడల్పుకు 2100 పిక్సెళ్లే వస్తాయి. సినిమా ఫ్రేము 1920. ఫోటో వెడల్పంతా తెర నిండా పెడితే ఇంకా దగ్గరికి వెళ్లడానికి మిగిలేది తొమ్మిది శాతమే. అవ్వ మొహం దాకా వెళ్లాలంటే అది చాలదు, బొమ్మ సాగిపోయి మసకబారుతుంది. దగ్గరికి వెళ్లాల్సిన ఏడు ఫోటోలను మాత్రం 1200లో మళ్లీ స్కాన్ చేశాను. ఇప్పుడు వెడల్పు 4200, రెండింతల పైచిలుకు చోటు దొరికింది. అంతకన్నా పెంచి చూస్తే కనబడింది కాగితం గరుకే తప్ప మొహంలో కొత్త వివరమేమీ లేదు.

నలుపు తెలుపు ఫోటోలనైనా, ఉత్తరాలనైనా కలర్‌లోనే స్కాన్ చేయాలి. ఒక ఉత్తరం నాలుగు మూలలా పసుపు రాసి ఉంది. గ్రే స్కేల్‌లో అది ఉత్త మరకలా కనిపించింది. ఇన్‌లాండ్ కాగితం పలచన కాబట్టి వెనక పక్క రాత కూడా ముందుకు కనబడుతుంది. స్కానర్ మూతకుండే తెల్లటి అట్ట వల్ల అది ఇంకా ఎక్కువవుతుంది. ఉత్తరం వెనక నల్ల చార్టు ముక్క పెట్టాను. కాగితం కొంచెం చీకటైంది గానీ వెనక రాత చాలావరకు పోయింది, ఆ చీకటిని తర్వాత సరిచేసుకోవచ్చు.

ఇక కెమెరా కదలికలు. మొదట ffmpegలో zoompan అనే ఫిల్టరు పెట్టి చేశాను. ఫోటో సన్నగా వణికింది, జ్వరమొచ్చిన మనిషిలా. కారణం తెలియడానికి ఒక సాయంత్రం పట్టింది. పది సెకన్లలో ఎనిమిది శాతం దగ్గరికి వెళ్తే, 250 ఫ్రేముల్లో ఫోటో అంచు జరిగేది సుమారు 70 పిక్సెళ్లు. అంటే ఫ్రేముకు మూడో వంతు పిక్సెల్ కూడా లేదు. ఆ ఫిల్టరేమో పిక్సెళ్లను పూర్ణ సంఖ్యలుగానే లెక్కేస్తుంది, కాబట్టి రెండు మూడు ఫ్రేములు ఆగి ఒక్కసారి గెంతుతుంది. ముందే బొమ్మను 8000 పిక్సెళ్లకు పెంచితే ఆ గెంతు నాలుగో వంతుకు తగ్గి కంటికి ఆనదు.

```
ffmpeg -i avva.png -vf "scale=8000:-2,zoompan=z='1+0.08*on/250':x='(iw-iw/zoom)/2':y='(ih-ih/zoom)/2':d=250:s=1920x1080:fps=25" -pix_fmt yuv420p avva.mp4
```

ఇచ్చే బొమ్మ ముందే 16:9లో ఉండాలి, లేకపోతే మనుషులు అడ్డంగా సాగుతారు. నిలువు ఫోటోల తలలు కోయడం ఇష్టంలేక, గింప్‌లో 3840x2160 ఖాళీ బొమ్మ తీసుకుని, ఆల్బమ్ అట్ట రంగు నింపి, ఫోటోను దాని తెల్ల అంచులతో సహా మధ్యలో పెట్టాను. చూసేవాళ్లకు చేతిలో ఫోటో పట్టుకున్నట్టుంటుంది.

మధ్యలో ఒక తప్పుదారి కూడా తొక్కాను. స్టూడియో ఫోటోలో తాతను, అవ్వను, వెనక తెరను విడివిడిగా కత్తిరించి, ముందువాళ్లు ఎక్కువగా, తెర తక్కువగా జరిగేట్టు చేశాను. జుట్టు అంచులు కత్తెరేసినట్టు, మనుషులు తోలుబొమ్మల్లా వచ్చారు. నాలుగు రోజుల పని తీసేశాను. ఇప్పుడు ఆ ఫోటోకు ఒకే కదలిక: మొదట ఇద్దరూ రెండు సెకన్లు కదలకుండా ఉంటారు, తర్వాత అవ్వ మొహం వైపు మెల్లగా వెళ్లి మళ్లీ రెండు సెకన్లు ఆగుతుంది. పై కమాండు ఫోటో నడిమికే వెళ్తుంది, వేగం కూడా మొదటినుంచి చివరిదాకా ఒకటే. అందుకని ఈ ఒక్కదాన్ని ఎడిటర్‌లో కీఫ్రేములతో, మొదలూ చివరా నెమ్మదించేట్టు చేశాను.

అన్నిటికన్నా కష్టం ఉత్తరం దగ్గరొచ్చింది. చదివేది పెద్దత్త. ఆ కాన్పులో పుట్టింది ఆమే. 26 వరుసలున్న ఉత్తరాన్ని 1 నిమిషం 48 సెకన్లలో చదివింది, వరుసకు నాలుగు సెకన్ల పైన. ఆ వేగానికి తగ్గట్టు ఉత్తరాన్ని ఆపకుండా పైకి జరుపుతూ చేసి చూపించాను. అత్త సగంలోనే ఆపమంది. "చదవనియ్యి అబ్బయ్యా, కాగితాన్ని ఎందుకట్టా పరిగెత్తిస్తావు?" కన్నూ కాగితమూ రెండూ కదులుతుంటే వరుస తప్పిపోతుందట. నేను చదవను కాబట్టి నాకది తెలియలేదు. నాకు ఉత్తరం కంఠతా వచ్చేసింది. అందుకని ఇప్పుడు ఆరు వరుసలు తెర మీద పాతిక సెకన్లు పూర్తిగా ఆగి ఉంటాయి, రెండు సెకన్లలో కాగితం పైకి జరిగి తర్వాతి ఆరు వస్తాయి. అంతే, పన్నెండు వరుసలే. వాటిలో "బొగ్గు మసికి పెండ్లి చొక్కా పాడయింది, నువ్వొస్తే గానీ తెల్లబడదు" అనే వరుస ఉంది. అక్కడ కెమెరా ఇంకా దగ్గరికి వెళ్లాలని చేయి లాగింది. వెళ్లలేదు, అత్త గొంతు అక్కడ ఎలాగూ మారుతుంది.

మొదటి కాపీలో మొదలునుంచి చివరిదాకా వీణ వేశాను. తెలియకుండానే ప్రతి ఫోటోనూ తాళానికి తగ్గట్టు మార్చుకుంటూ పోయాను, చూస్తే పెండ్లి వీడియో! పైగా కీర్తన పాతదైనా వాయించిన రికార్డింగుకు హక్కులు వేరుగా ఉంటాయి, మన చట్టంలో విడుదలైన తర్వాత 60 ఏళ్లు. ఇప్పుడు ఉన్నది మా వీధిలో పాట నేర్పే అమ్మ దగ్గర రికార్డ్ చేసుకున్న తంబుర శ్రుతి ఒక్కటే. అది కూడా మూడు చోట్ల, కలిపి రెండు నిమిషాల లోపు. ఉత్తరం చదివేటప్పుడు అది కూడా లేదు. ఐతే అక్కడ పూర్తి నిశ్శబ్దం పెడితే టీవీ ఆగిపోయిందేమో అన్నట్టుంది. అత్త గొంతు రికార్డ్ చేసిన రాత్రే, ఫ్యాన్ ఆపి, ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం ఖాళీ గదిని రికార్డ్ చేసి ఉంచాను. మాటల మధ్య సందుల్లో దాన్నే అతికించాను.

తంబుర స్థాయిని ఫోన్‌లో విని పెంచకూడదు. ఫోన్ స్పీకర్‌లో కింది స్వరం వినబడదు కాబట్టి పెంచుతాం, హాల్లో సౌండ్ బార్‌కు పెడితే అదే స్వరం గోడలను అదరగొట్టి అత్త మాటను మింగేస్తుంది. నేను పెంచి, టీవీలో విని, సగానికి పైగా తగ్గించాను.

మిగిలిన చిక్కు ఒకటి. వరండాలో ఉన్న ఫ్రేములో అవ్వ ఫోటో చెమ్మకు అద్దానికి అంటుకుపోయింది. లాగితే ఫోటో పైపొర అద్దానికే ఉండిపోతుంది, కాబట్టి అద్దం తీయడం లేదు. నీడలో నిలబెట్టి, నా వెనక నల్ల దుప్పటి కట్టి, మీటరు దూరం నుంచి అద్దం మీదుగానే తీశాను. ప్రతిబింబం పోయింది గానీ కుడిచెంప మీద అంటుకున్న చోటు నూనె పడినట్టు మెరుస్తోంది. ఆదివారం పక్కనుంచి వెలుతురు వచ్చేట్టు పెట్టి మళ్లీ తీస్తాను.