ఉలుకూ పలుకూ లేని రిక్రూటర్‌కి రెండో మెయిల్

జూన్ 5, గురువారం సాయంత్రం ఫైనల్ రౌండ్ అయింది. టెస్టింగ్ టీంలో లీడ్ పోస్టు. మాటలు చివరికి "నోటీస్ పీరియడ్ ఎంత, ఎప్పుడు చేరగలరు" దాకా వచ్చాయి. ఆ ప్రశ్న అడిగారంటే పని అయిపోయినట్టే అనుకున్నాను. అది అందరినీ అడిగేదేనని తర్వాత తెలిసింది. మర్నాడు రిక్రూటర్ ఫోన్ చేసి "బుధవారంలోపు చెప్తామండీ" అన్నారు.

బుధవారం వెళ్లిపోయింది. 12వ తేదీన వాట్సాప్‌లో "ఎనీ అప్‌డేట్, మేడం?" అని పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం లేదు.

19 వచ్చేసరికి సరిగ్గా రెండు వారాలు. ఈలోగా ఇంకో కంపెనీ ఆఫర్ లెటర్ పంపింది. జీతం కాస్త తక్కువ, పైగా 25లోపు ఒప్పుకుంటున్నట్టు సంతకం చేసి పంపాలి. ఆ రాత్రి కోపంగా ఒక మెయిల్ రాశాను. "రెండు వారాలుగా మీ నుంచి సమాధానం లేదు, కనీస మర్యాదగా అయినా..." అని మొదలుపెట్టి, ఇంటర్వ్యూ చేసిన మేనేజర్‌ని కూడా సీసీలో పెట్టాను. పంపేముందు బావకి చూపించాను. ఆయన చాలా ఏళ్లుగా హెచ్ఆర్‌లోనే ఉన్నారు.

"ఆవిడ దగ్గర కబురు ఉంటే ఎప్పుడో చెప్పేసేది. లేదు కాబట్టే మాట్లాడట్లేదు" అన్నారు. ఫైనల్ అయ్యాక మేనేజర్ ఫీడ్‌బ్యాక్ ఎక్కించాలి. మనం అడిగిన జీతం ఆ పోస్టుకి అనుకున్న పరిధి దాటితే ఫైనాన్స్ వాళ్ల అప్రూవల్ కావాలి. ఒక్కోసారి మొదటి వ్యక్తికి ఆఫర్ ఇచ్చి, అతను చేరతాడో లేదో తేలేదాకా రెండో వ్యక్తిని అలాగే ఉంచుతారు. ఇందులో ఏదీ రిక్రూటర్ మనతో బయటపడి చెప్పలేరట. "ఎనీ అప్‌డేట్ అంటే ఆవిడ 'ఇంకా లేదు' అనాలి. అది చెప్పడం ఇబ్బంది, అందుకే వదిలేస్తారు. పైవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి అడగడానికి పనికొచ్చేది ఏదైనా ఇవ్వు."

నా దగ్గర అలాంటిది ఒక్కటే ఉంది: 25వ తేదీ.

సీసీ తీసేయమన్నారు. మేనేజర్‌కి అది ఆవిడ మీద ఫిర్యాదులా కనిపిస్తుంది, ఆపైన నా ఫైలు కదిలించాల్సింది మళ్లీ ఆవిడే. కొత్త మెయిల్ కూడా వద్దన్నారు. ఫైనల్ రౌండ్ టైము ఖాయం చేస్తూ వచ్చిన పాత మెయిల్‌కే రిప్లై కొడితే పోస్టు పేరు, జాబ్ ఐడీ, నా రెజ్యూమె అన్నీ కిందే ఉంటాయి, ఆవిడ వెతుక్కోనక్కర్లేదు.

ఇంకో ఆఫర్ ఉందని చెప్పే వాక్యం దగ్గరే చాలాసేపు పట్టింది. మొదటిసారి రాసింది బెదిరింపులా ఉంది, రెండోసారిది బతిమాలినట్టుంది. చివరికి కంపెనీ పేరు, జీతం తీసేసి తేదీ ఒక్కటే ఉంచాను. "లేని ఆఫర్ ఉందని మాత్రం ఎప్పుడూ రాయకు, లెటర్ చూపించమంటే ఇరుక్కుంటావు" అన్నారు బావ. ఇంగ్లీషులో పంపిన ఆ మెయిల్ తెలుగులో చెబితే ఇదీ:

"నమస్కారం మేడం. జూన్ 5న టెస్ట్ లీడ్ పోస్టుకి ఫైనల్ రౌండ్‌లో మాట్లాడాను. ఈ పోస్టు మీద నాకు ఇప్పటికీ ఆసక్తి ఉంది. నాకు మరో ఆఫర్ వచ్చింది, 25వ తేదీలోపు వాళ్లకి జవాబివ్వాలి. ఆలోగా మీ దగ్గర నిర్ణయం తేలే అవకాశం ఉందా? నన్ను తీసుకోవడం లేదన్నా సరే, ఒక్క మాట చెప్తే నా ఏర్పాట్లు చేసుకుంటాను. నా నోటీస్ పీరియడ్ 60 రోజులు."

20వ తేదీ శుక్రవారం ఉదయం పదింటికి పంపాను. సాయంత్రమైతే వారాంతం మెయిళ్ల కింద పడిపోతుందని బావ హెచ్చరిక.

సోమవారం మధ్యాహ్నం జవాబొచ్చింది. ఫీడ్‌బ్యాక్ బాగుందట, ఫైనాన్స్ అప్రూవల్ ఆగిందట, నెలాఖరులోపు వస్తుందని మాట ఇవ్వలేరట. అవుననీ కాదనీ కాదు, కానీ నాకు కావాల్సింది తెలిసిపోయింది. రెండో కంపెనీని ఇంకో రెండు రోజులు అడిగాను, 27 దాకా ఇచ్చారు. 27 ఉదయం దాకా చూసి సంతకం చేసేశాను.

ఆ పోస్టు నుంచి తప్పుకుంటున్నానని అదే థ్రెడ్‌లో రెండు లైన్లు రాసి, థాంక్స్ చెప్పాను. అయిదు నిమిషాల్లో రిప్లై వచ్చింది: "కంగ్రాట్స్ అండీ!"