రీఫండ్ మెయిళ్ళు బిల్లింగ్‌కు ఎందుకు వెళ్ళాయి: మెయిళ్ళను వర్గీకరించే మోడల్‌తో నా అనుభవం

నేను పనిచేసే సంస్థ ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్ముతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి కొనుగోలుదారులు రాసే మెయిళ్ళన్నీ ఒకే చిరునామాకు వస్తాయి. చాలాకాలం ఇద్దరు ఉద్యోగులు వాటిని చదివి బిల్లింగ్, సర్వీసు, డెలివరీ, రీఫండ్ అనే నాలుగు క్యూలలో తగినదానికి చేతితో పంపేవారు. ఆ పంపకాన్ని మోడల్‌తో చేయించే పని నాకు అప్పగించారు.

శిక్షణకు ఏడాది పాటు పోగైన పాత టికెట్లు ఉన్నాయి. మెయిల్ మొదట చేరిన క్యూను కాక, సమస్య తీరి టికెట్ మూసిన క్యూను లేబుల్‌గా తీసుకున్నాను. మొదటి క్యూను తీసుకొని ఉంటే మనుషులు చేసిన పొరపాట్లనే మోడల్‌కు నేర్పినట్టయ్యేది. పరీక్షకు మెయిళ్ళను చీటీలు తీసినట్టు ఏరకుండా, మొదటి పదకొండు నెలలను శిక్షణకు ఉంచి, చివరి నెలలో కొత్తగా మొదలైన 1,000 మెయిళ్ళను పక్కన పెట్టాను. ఒకే కొనుగోలుదారు రాసిన జవాబుల అడుగున పాత ఉత్తరం మళ్ళీ మళ్ళీ అతుక్కొని వస్తుంది కాబట్టి, కలగాపులగంగా విడదీస్తే శిక్షణలో చూసిన వాక్యాలే పరీక్షలోనూ కనిపించి, మోడల్ ఉన్నదానికంటే మెరుగ్గా తోస్తుంది.

మోడల్ సాదాదే: పైథాన్ లైబ్రరీ scikit-learn లోని, మాటలను అంకెలుగా మార్చే `TfidfVectorizer`, దాని మీద ఆ అంకెలను బట్టి వర్గాన్ని చెప్పే `LogisticRegression`. మొదటి ఫలితం 92 శాతం సరి అని వచ్చింది. మా మేనేజరుగారు సంతోషించి వెంటనే అమల్లో పెడదామన్నారు. నేను ఒక్క రోజు ఆగమని కోరి, ఏ వర్గపు మెయిళ్ళను మోడల్ ఏ వర్గంగా చెప్పిందో లెక్క చూపే పట్టికను, అంటే కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్‌ను తీశాను.

```
[[362   8   4   6]
 [ 10 384   5   1]
 [  5   4 130   1]
 [ 31   3   2  44]]
```

వరుసల క్రమం బిల్లింగ్, సర్వీసు, డెలివరీ, రీఫండ్. ఆ క్రమాన్ని `labels=` ద్వారా నేనే ఇచ్చాను. scikit-learn లో అడ్డువరుస అసలు వర్గాన్ని, నిలువువరుస మోడల్ చెప్పిన వర్గాన్ని చూపుతాయి. కొన్ని ఇతర పుస్తకాలలో, పరికరాలలో ఇది తారుమారుగా ఉంటుంది. తిరగేసి చదివితే ‘రీఫండ్ మెయిళ్ళు బిల్లింగ్‌కు పోతున్నాయి’ అన్నది ‘బిల్లింగ్ మెయిళ్ళు రీఫండ్‌కు పోతున్నాయి’ అని అర్థమవుతుంది కాబట్టి, ఒక అడ్డువరుస మొత్తాన్ని ఆ వర్గం అసలు లెక్కతో సరిచూసుకున్న తరువాతే ముందుకు వెళ్ళాను.

ఐమూలగా ఉన్న నాలుగు గడులను కూడితే 920, అంటే ఆ 92 శాతం అక్కడిదే. నాలుగో అడ్డువరుస మాత్రం వేరే సంగతి చెబుతోంది. రీఫండ్ కోరిన 80 మందిలో 44 మందే సరైన క్యూకు చేరారు, అంటే రీకాల్ 55 శాతం. మొత్తం మీద దారి తప్పిన 80 మెయిళ్ళలో 31 ఒకే గడిలో ఉన్నాయి. నాలుగో నిలువువరుసను చూస్తే, మోడల్ రీఫండ్ అని చెప్పిన 52లో 44 నిజంగా రీఫండ్‌వే. అంటే మోడల్ రీఫండ్ అన్నప్పుడు చాలావరకు నమ్మవచ్చు, కాని అనవలసిన చోట అనడం లేదు. మా వద్ద బిల్లింగ్‌కు తప్పిపోయిన రీఫండ్ మెయిల్ అసలు క్యూకు చేరడానికి రెండు రోజులు పడుతుంది. డబ్బు కోసం ఎదురుచూసే మనిషికి ఆ రెండు రోజులు చిన్నవి కావు.

ఆ 31 మెయిళ్ళనూ కూర్చొని చదివాను. ఈ పనిలో అంతకన్నా ఫలించిన మధ్యాహ్నం నాకు మరొకటి లేదు. నాలుగింటిలో లేబులే తప్పు, అవి నిజంగా బిల్లింగ్‌వే. ఐదింటిలో బిల్లు తప్పు, డబ్బు వాపసు అనే రెండు విషయాలూ కలిసి ఉన్నాయి. మిగిలిన 22 మెయిళ్ళు తెలుగు లిపిలో రాసినవి. ఒక దానిలో “డబ్బు తిరిగి ఇవ్వండి” అని స్పష్టంగా ఉంది. మనిషి ఎవరికీ రాని సందేహం మోడల్‌కు ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి, వెక్టరైజర్ మామూలుగా మాటలను విడదీసే నమూనాను ఆ వాక్యం మీద నడిపాను.

```python
import re
re.findall(r"(?u)\b\w\w+\b", "డబ్బు తిరిగి ఇవ్వండి")
# ['డబ', 'ఇవ']
```

కారణం ఇక్కడ దొరికింది. పైథాన్‌లో `\w` అక్షరాలను, అంకెలను గుర్తిస్తుంది కాని, తెలుగు గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నను అక్షరాలుగా లెక్కించదు. అందువల్ల ‘డబ్బు’ అన్న మాట డబ, బ అనే రెండు ముక్కలవుతుంది. నమూనా కనీసం రెండక్షరాలు కోరుతుంది కాబట్టి రెండోది రాలిపోయి, అర్థం లేని ‘డబ’ మిగులుతుంది. ‘తిరిగి’, ‘బిల్లు’, చివరికి ‘రీఫండ్’ అన్న మాట కూడా ఒంటరి అక్షరాలుగా విడిపోయి పూర్తిగా మాయమవుతాయి. ఎక్కడా హెచ్చరిక రాదు, ప్రోగ్రాం ఆగదు. మెయిల్‌లో అర్థమున్నదిగా మిగిలేది కొనుగోలుదారు ఉదహరించిన ఇంగ్లీషు `invoice` అన్న మాట, దాని నంబరు మాత్రమే. అవి చూసి మోడల్ బిల్లింగ్ అనడంలో వింత లేదు. సర్వీసు కోరే తెలుగు మెయిళ్ళు ఎలా గట్టెక్కాయని కూడా చూశాను. వాటిలో ఇన్వర్టర్ మోడల్ పేరు ఇంగ్లీషులో ఉండడం వల్ల అవి దారి తప్పలేదు.

మాటలకు బదులు అక్షరాల గుంపులను లక్షణాలుగా తీసుకున్నాను.

```python
TfidfVectorizer(analyzer="char_wb", ngram_range=(2, 5))
```

ఇది ఖాళీల దగ్గర మాత్రమే విడదీస్తుంది కాబట్టి గుణింతపు గుర్తులు రాలిపోవు. దీనితో మరో మేలు కలిగింది. తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో రాసేవారు ఒకే మాటను `ekkuva`, `ekuva`, `yekkuva` అని తలా ఒక రకంగా రాస్తారు. మాటలుగా చూస్తే అవి మూడు వేర్వేరు మాటలు, అక్షరాల గుంపులుగా చూస్తే వాటిలో `kuva` ఉమ్మడిగా ఉంటుంది. లక్షణాల సంఖ్య బాగా పెరిగి శిక్షణకు ఎక్కువ సమయం పట్టిందన్నది నిజమే గాని, `min_df=3` పెట్టి అరుదైన గుంపులను వదిలేశాక అది ఇబ్బంది కాలేదు.

ఆ 22లో 18 ఇప్పుడు సరైన క్యూకు వెళ్ళాయి. అయితే తప్పులను చదివి, వాటి కోసమే సరిదిద్దిన తరువాత అవే మెయిళ్ళ మీద వచ్చిన అంకెను చూపడం న్యాయం కాదు. అందుకని తరువాతి నెల మెయిళ్ళ టికెట్లు మూసేదాకా వేచి, మళ్ళీ మ్యాట్రిక్స్ తీశాను. ఆ నెల 90 రీఫండ్ మెయిళ్ళలో 72 సరిగా చేరాయి, 11 బిల్లింగ్‌కు వెళ్ళాయి. రీకాల్ 55 నుంచి 80 శాతానికి వచ్చింది.

రెండు విషయాలు కలిసిన మెయిళ్ళు మాత్రం ఏ లక్షణాలతోనూ లొంగలేదు, ఎందుకంటే వాటికి ఒకే సరైన క్యూ లేదు. `predict_proba` చూస్తే వాటిలో బిల్లింగ్, రీఫండ్‌ల సంభావ్యతలు దాదాపు సమానంగా ఉన్నాయి. అత్యధిక సంభావ్యత 0.6 కన్నా తక్కువ ఉన్న మెయిల్‌ను ఏ క్యూకూ పంపకుండా, మునుపటి ఇద్దరు ఉద్యోగుల ముందు ఉంచేలా మార్చాం. అలా ఆపిన మెయిళ్ళను లెక్కలోంచి తీసేస్తే మ్యాట్రిక్స్ ఊరికే అందంగా కనిపిస్తుంది. అందుకని నిలువువరుసలు ఐదు చేశాను. ఐదోది ‘మనిషికి’. ప్రతి సోమవారం మా బృందం చూసే పట్టికలో ఇప్పుడు ముందుగా రీఫండ్ అడ్డువరుసే ఉంటుంది, దానిలో బిల్లింగ్ గడిలో పడిన ప్రతి మెయిల్‌నూ ఎవరో ఒకరం తెరిచి చదువుతాం.