మోడ్ ఇంటిగ్రల్‌లో మార్కు పోయేది ఎక్కడంటే

రిజల్ట్స్ వచ్చేశాయి. వచ్చే ఏడాది రాయబోయే మన వైజాగ్ తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ సిలబస్ అంతా మళ్లీ చెప్పను. డెఫినిట్ ఇంటిగ్రల్స్‌లో ఒక్క లెక్క పట్టుకుందాం.

∫₀³ |x² − 3x + 2| dx

ముందు మోడ్ లోపలున్నదాన్ని సున్నాకి సమానం చేయండి. (x − 1)(x − 2) = 0, అంటే 1, 2. రెండూ 0కీ 3కీ మధ్యే ఉన్నాయి కాబట్టి ముక్కలు మూడు. బయట పడే మూలం ఉంటే దాన్ని వదిలేయాలి. ఒక్కో ముక్కలో ఒక్క సంఖ్య వేసి గుర్తు చూడండి. 0 వేస్తే +2, 1.5 వేస్తే −0.25, 3 వేస్తే +2. మధ్య ముక్క ఒక్కటే మైనస్, మోడ్ తీసేటప్పుడు గుర్తు మారేది అక్కడే.

ఇప్పుడు ఇంటిగ్రేషన్ మూడుసార్లు చేయొద్దు. ఒక్కసారి F(x) = x³/3 − 3x²/2 + 2x రాసుకుని, నాలుగు విలువలు రఫ్ షీట్‌లో ఒకే వరుసలో పెట్టుకోండి:

F(0) = 0, F(1) = 5/6, F(2) = 2/3, F(3) = 3/2

పక్కపక్క విలువల తేడాలు 5/6, −1/6, 5/6. మైనస్ తీసేసి కలిపితే 11/6. అదే జవాబు.

చాలామంది F(3) − F(0) చేసి 3/2 దగ్గర ఆగిపోతారు. అది పాజిటివ్‌గానే వస్తుంది కనుక అనుమానం రాదు, ఆప్షన్లలో కూడా ఉంటే నేరుగా దాన్నే పెట్టేస్తారు. మోడ్‌ని ఇంటిగ్రల్ బయటికి లాగకూడదనేది ఇందుకే: మధ్య ముక్క కలవాల్సింది పోయి కొట్టుకుపోతుంది. సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. మోడ్ ఉన్న జవాబుకీ లేని జవాబుకీ తేడా, మైనస్ ముక్కకి సరిగ్గా రెట్టింపు ఉండాలి. 11/6 − 3/2 = 1/3, అది 1/6కి రెట్టింపే. పది సెకన్ల పని, దయచేసి మానకండి.

మూలం దొరికిన ప్రతిచోటా గుర్తు మారుతుందనీ అనుకోవద్దు. |x(x − 1)²|లో 1 దగ్గర గుర్తు మారదు. అక్కడ విడగొట్టినా తప్పు కాదు గానీ, అలవాటుగా మైనస్ పెడితే లెక్క పోతుంది.

ఇదే పద్ధతి గ్రేటెస్ట్ ఇంటిజర్ ఉన్న ∫₀² [x²] dx కి వాడేటప్పుడు x పూర్ణాంకాల దగ్గర కోసేవాళ్లు ఎక్కువ. కోయాల్సింది x² పూర్ణాంకం అయ్యే చోట: 1, √2, √3. ముక్కల మీద విలువలు వరుసగా 0, 1, 2, 3. చివర x = 2 దగ్గర మాత్రం విలువ 4, కానీ ఒక్క బిందువు వల్ల ఇంటిగ్రల్ మారదు.

(√2 − 1) + 2(√3 − √2) + 3(2 − √3) = 5 − √2 − √3

అంటే సుమారు 1.85. 1 దగ్గర మాత్రమే కోసి, 1 నుంచి 2 దాకా విలువ 1 అనుకుంటే జవాబు 1 వస్తుంది. ఆ ముక్కలో x² 1 నుంచి 4 దాకా పెరుగుతోందని ఒక్కసారి చూస్తే ఆ తప్పు అక్కడే దొరికిపోతుంది.