నహానీ ట్రాప్ అంచున దొరికిన డ్రెయిన్ ఈగలు

దొరికాయి! వంటింటి ఈగలు ఎక్కడ పుడుతున్నాయో ఈ వారం టేపు పట్టిచ్చింది. సింకు గొట్టంలో కాదు. సింకు కింద అల్మారాలో, నేలలో ఉన్న నహానీ ట్రాప్ అంచున. పొద్దున్నే టేపు తిప్పి చూస్తే జిగురు వైపు 11 ఈగలు అంటుకుని ఉన్నాయి. అదే రాత్రి పైన సింకు రంధ్రానికి వేసిన టేపు మీద ఒక్కటి కూడా లేదు.

పండ్ల ఈగల సంగతి ముందే తేలిపోయింది. ఉల్లిపాయల బుట్ట అడుగున ఒక బంగాళాదుంప కుళ్లి నీరు కారుతోంది. దాన్ని పారేసి, బుట్ట కడిగి ఎండబెట్టాక అవి తగ్గుతూ వచ్చి మాయమయ్యాయి.

ఆ తర్వాత కూడా గోడ మీద ఈగలు కనిపిస్తూనే ఉండటంతో అసలు పని మొదలైంది. దూరం నుంచి చూస్తే రెండు రకాలూ ఒకేలా నల్ల చుక్కల్లా ఉంటాయి. ఫోనుకి తగిలించే మాక్రో లెన్సులో మాత్రం పోలికే లేదు. పండ్ల ఈగది లేత గోధుమ రంగు నున్నటి ఒళ్లు, ఎర్రటి కళ్లు. పండు చుట్టూ గాల్లో మెల్లగా తేలుతుంది. మిగిలినది ఒళ్లంతా నూగుతో చిన్న రెక్కల పురుగులా ఉంది. ఆకు ఆకారపు రెక్కల అంచుల్లో తెల్లటి చుక్కలు. క్లాగ్మియా ఆల్బిపంక్టాటా, మన బాత్రూం గోడల మీద కూర్చునే డ్రెయిన్ ఈగే. అదిలిస్తే కాస్త ఎగిరి అడుగు దూరంలో మళ్లీ గోడకే అతుక్కుంటుంది. వేలితో నొక్కితే గోడ మీద బూడిద రంగు పొడి మిగులుతుంది. లెన్సు లేనివాళ్లకి ఈ పొడి గుర్తు చాలు.

వెనిగర్ కప్పు కూడా రెండింటినీ విడగొడుతుంది. రెండు చెంచాల వెనిగర్‌లో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి పెడితే పండ్ల ఈగలు వచ్చి మునుగుతాయి. డ్రెయిన్ ఈగలు పక్కనే గోడ మీద కూర్చుని దాని వంకే చూడవు. అందుకే కప్పు ఖాళీగా ఉంది కాబట్టి ఈగలు పోయాయనుకోవడానికి వీల్లేదు.

ఇక మొండికేసిన భాగం. ఈగ పేరు తెలిసింది, డ్రెయిన్‌లోనే పుడుతుందనీ తెలుసు, కాబట్టి సింకు నుంచే మొదలుపెట్టాను. కప్లింగ్ విప్పి లోపల బ్రష్‌తో రుద్దాను. రాత్రి పడుకునే ముందు బకెట్‌లో సగం వేడినీళ్లు పోశాను. మరిగేవి కాదు, చెయ్యి పెట్టలేనంత వేడి. ప్లాస్టిక్ గొట్టంలో మరిగే నీళ్లు పోస్తే అది మెత్తబడి కీళ్ల దగ్గర వదులవుతుంది. మరో విడత బ్లీచింగ్ పౌడర్ నీళ్లు. (టాయిలెట్ క్లీనర్ పోసిన చోట బ్లీచింగ్ మాత్రం పోయకండి, క్లోరిన్ వాయువు వస్తుంది.) గోడ మీద లెక్క ఏమాత్రం తగ్గలేదు. రోజూ పొద్దున సింకు వెనక టైల్స్ మీద ఏడు, ఎనిమిది, ఒక్కోసారి పది.

అప్పుడు టేపుల పని. రెండంగుళాల పారదర్శక టేపు, జిగురు కిందికి ఉండేలా రంధ్రం మీద అడ్డంగా అంటించి, రెండు పక్కలా గాలి ఆడే సందు వదలాలి. పూర్తిగా మూసేస్తే ఈగలు పైకి రావు. టేపు మీద ఒక రాత్రి ఏమీ పడకపోతే అక్కడ లేవని కాదు, వరసగా కొన్ని రాత్రులు పెట్టాలి. సింకు, బాత్రూం, వాష్ ఏరియా, అన్ని చోట్లా వేశాను. మా అత్తయ్య చూసి "ఇంటికి కట్లు కడుతున్నావా అమ్మా?" అంది. బాత్రూంలో ఒకటీ అరా పడ్డాయి, సింకులో సున్నా. బాత్రూం నుంచే వస్తున్నాయేమో అని రాత్రి ఆ తలుపు కింద సందు గుడ్డతో మూసి చూశాను. వంటింటి లెక్క మారలేదు. అంటే పుట్టుక వంటింట్లోనే, కానీ సింకు నోట్లో కాదు.

సింకు కింద పరిస్థితి ఇదీ. మడతల గొట్టం బయటి కొలత 40 మిల్లీమీటర్లు. నేల రంధ్రం 75. ప్లంబర్ గొట్టాన్ని ఊరికే లోపలికి దోపి వదిలేశాడు, చుట్టూ వేలు దూరేంత సందు. గొట్టం పైకి లాగి టార్చి వేస్తే రంధ్రం గోడకి పై నుంచి నాలుగు వేళ్ల లోతు దాకా నల్లటి జిగట పొర. చెంచాతో గీకి తెల్ల ప్లేటులో నీళ్లలో విప్పాను. 6, 7 మిల్లీమీటర్ల బూడిద రంగు పురుగులు, తోక చివర నల్లటి చిన్న గొట్టం. దాంతోనే గాలి పీల్చుకుంటాయి, ఒళ్లంతా జిగటలో కూరుకుపోయినా ఇబ్బంది లేదు.

మరి అన్ని బకెట్ల వేడినీళ్లు వాటిని ఎందుకు తాకలేదు? దీనికి ఒక పరీక్ష చేశాను. సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలితే ట్రాప్‌లో నీళ్లు అంచుకి ఒక సెంటీమీటరు కింద దాకా పొంగి, మెల్లగా దిగాయి. సగం బకెట్ పోస్తే అసలు పొంగలేదు, గొట్టం మధ్యలోంచి సూటిగా అడుగుకి జారిపోయాయి. అంటే రోజూ గిన్నెలు తోమి సింకు వదిలినప్పుడల్లా బియ్యం కడుగు, పప్పు జిడ్డు ఆ గోడకి పూతలా పడుతోంది. మందుగా పోసిన నీళ్లు మాత్రం ఆ గోడని తాకనే లేదు. తాకినా పొర పై భాగాన్ని తడిపి పోతాయి, లోపలున్నవి బతుకుతాయి. పైన సింకులో పోసే ఏ పౌడరుకైనా ఇదే పరిమితి అని నా అభిప్రాయం. ఈ పొర గీకితేనే పోతుంది.

గీకడానికి పొడవు పిడి సీసా బ్రష్, అంచు కిందికి పాత టూత్ బ్రష్. ముందు పొడిగా గీకి, ఊడిన ముద్దని చెంచాతో తీసి కవర్లో కట్టి పారేశాను. లోపలికి తోసేస్తే ఇంకాస్త కింద అతుక్కుంటుంది. ఆ తర్వాతే సబ్బు వేడినీళ్లు, మగ్గుతో నేరుగా గోడ చుట్టూ. మడతల గొట్టం తీసేశాను, ఒక్కో మడతలో అదే జిగట. దాని బదులు నున్నటి గొట్టం, సందుకి రబ్బరు కాలర్. సందులో ఎం-సీల్ పెట్టమని కొందరంటారు. గట్టిదే, కానీ మళ్లీ శుభ్రం చేయాలంటే పగలగొట్టాలి, నాకు నచ్చదు. కాలర్ చేత్తో ఊడొస్తుంది.

ఇప్పుడు గోడ మీద రోజుకి రెండు మూడు. ఉన్న పెద్ద ఈగలు రెండు వారాల దాకా బతకగలవు, గీకినప్పుడు మిగిలిన గుడ్లూ ఉండొచ్చు. కాబట్టి స్ప్రే కొట్టను, కొడితే లెక్క పాడవుతుంది. కాలర్ తీసి వారానికోసారి రాత్రి టేపు వేసి చూస్తాను. మూడు వారాలు ఖాళీగా వస్తే ఈ ట్రాప్ పని అయిపోయినట్టే.

తర్వాతి వంతు వాష్ ఏరియాలో మెషీన్ గొట్టం దిగే రంధ్రం. అక్కడా ఇదే సందు. దానికంటే ఆసక్తిగా ఉన్నది కింది ఫ్లాట్ వాళ్లది. వాళ్ల వంటింట్లో ఈగలు ఎగరడం తక్కువ, గట్టు మీద గబగబా ఆగి ఆగి పరుగెత్తుతున్నాయి, వీపు గూనిలా ఉంది. అవి ఫోరిడ్ ఈగలైతే బ్రష్ చాలదు, టైల్స్ కింద గొట్టం పగిలి మట్టి నానుతోందేమో చూడాలి. ఆదివారం టేపు, లెన్సు పట్టుకుని వెళ్తున్నాను. నేల రంధ్రానికి ఒక టేపు, టైల్ సందులు నల్లబడిన చోట ఇంకొకటి.